డాబా అలంకరణ జమాఖర్చులు: బెలూన్లు రెండుసార్లు ఎందుకు కొన్నాం

డిసెంబర్ 31 రాత్రి డాబా మీద జరిగిన కార్యక్రమం లెక్క ఇది. ఇవ్వడం ఆలస్యమైంది, ఆ తప్పు మాదే. ఇంటికొక వాటా అనుకున్నాం కాబట్టి లెక్క కూడా వాటాల్లోనే రాస్తున్నాం. విడి బిల్లులన్నీ ఫైలులో ఉన్నాయి, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.

జమ: 24 ఇళ్లకు 24 వాటాలు రావాలి. వచ్చినవి 19న్నర. అడగకముందే ఇచ్చినవారికి పేరుపేరునా కృతజ్ఞతలు.

ఖర్చు: లైట్లు, వైర్ల అద్దె 5. కుర్చీలు 4. కౌంట్‌డౌన్ మూల 3. తోరణాలు 2. మర్నాడు శుభ్రం చేయించినందుకు ఒకటిన్నర. బెలూన్లు మొదటిసారి 3, రెండోసారి మూడున్నర. మొత్తం 22. లోటు రెండున్నర, ప్రస్తుతానికి కమిటీ సభ్యులే సర్దారు.

అందరూ అడుగుతున్నది ఆ మూడున్నర గురించే కాబట్టి దాన్ని వివరంగా చెబుతాం.

పిట్టగోడ మీద 12 అడుగుల దండ అనుకున్నాం. రెండు బెలూన్లను మూతుల దగ్గర కలిపి ముడివేస్తే జంట. రెండు జంటలను అడ్డంగా మెలిపెడితే నాలుగింటి గుత్తి. గుత్తులను నైలాన్ దారం మీద వరసగా బిగిస్తే దండ. 12 అంగుళాల బెలూన్లను పూర్తిగా ఊదడంతో 17 గుత్తులకే, అంటే 68 బెలూన్లకే దండ నిండింది. పొదుపు అనుకున్నాం. నష్టం అక్కడే జరిగింది.

సాయంత్రం ఎవరికీ తీరిక లేదన్నారని ఉదయం పదింటికే కట్టేశాం. మధ్యాహ్నం రెండింటికి 41 పేలిపోయాయి. కారణం ఎండ ఒక్కటే కాదు. లోపలి గాలి 25 డిగ్రీల నుంచి 45కి వేడెక్కితే సుమారు 7 శాతం ఉబ్బుతుంది. చోటున్న బెలూన్ అయితే తట్టుకుంటుంది, మెడ దాకా సాగి బేరిపండు ఆకారానికి వచ్చినది తట్టుకోదు. పైగా మనం ఎంచుకున్నది ముదురు నీలం, అది వేడిని ఎక్కువగా పీల్చుకుంటుంది. పిట్టగోడ సిమెంటు గరుకు, గాలికి కదిలినప్పుడల్లా గీసుకుంది.

మిగిలిన 27 వాడుకోవచ్చు కదా అని ఒకరు అడిగారు. ఎండలో రబ్బరు నిగనిగ పోయి, పైన బూడిద పూసినట్టు మసకబారుతుంది. అలా మారినదానికి ఇక బలం ఉండదు. విప్పుతుంటేనే ఆరు చేతిలో పేలాయి.

రెండోసారి లేత రంగులు కొన్నాం. అట్టముక్కలో 9 అంగుళాల గుండ్రటి రంధ్రం కోసి, ప్రతి బెలూన్‌నూ అందులో దూర్చి కొలిచాం. పట్టకపోతే కొంచెం గాలి వదిలేశాం. గోడ మీద పాత దుప్పట్లు పరిచి, ఎండ వాలాక, ఐదు దాటిన తర్వాతే కట్టాం. చిన్నగా ఊదితే గుత్తికి పట్టే చోటు తగ్గుతుంది కాబట్టి అదే 12 అడుగులకు 22 గుత్తులు, 88 బెలూన్లు పట్టాయి. మొదటిసారి కంటే 20 ఎక్కువ. మిగతా తేడా రెండు చేతిపంపులది. అవి కమిటీ దగ్గరే ఉన్నాయి, కావలసినవారు తీసుకెళ్లి తిరిగివ్వండి. అర్ధరాత్రికి ఈ దండలో పోయినవి ఐదే.

గాల్లో తేలే గ్యాస్ బెలూన్లు ఎందుకు తీసుకురాలేదన్నారు. మామూలు రబ్బరు బెలూన్‌లో హీలియం సుమారు అర రోజే నిలుస్తుంది, డాబా మీది గాలికి అది నిటారుగా కూడా నిలబడదు. హీలియం పేరుతో హైడ్రోజన్ నింపి ఇస్తే నిప్పురవ్వ చాలు. మెరుపు రేకు బెలూన్ తెగి కరెంటు తీగల మీద పడితే షార్ట్ అవుతుంది. ఈ విషయంలో మా నిర్ణయం మార్చుకోం.

తోరణాల గురించి ఒక మాట. ముడతల కాగితం చవకే, కానీ రాత్రి మంచుకు తడిసి రంగు కారుతుంది, సున్నం గోడకు పట్టిన మరక పోదు. అందుకే గుడ్డ రిబ్బన్లు తెచ్చాం. మడిచి దాచాం, మళ్లీ పనికొస్తాయి.

కౌంట్‌డౌన్ మూలకు 10 నుంచి 1 దాకా అట్టలు, ప్రతిదాని కింది అంచుకు రెండు బట్టల క్లిప్పులు, లేకపోతే గాలికి తిరగబడతాయి. టీవీ ఎందుకు పెట్టలేదని ఫిర్యాదు వచ్చింది. ప్రసారం కొన్ని సెకన్లు వెనకబడి వస్తుంది, ఇంటర్నెట్‌లో చూస్తే ఇంకా ఆలస్యం. పక్కింటివాళ్లు కేకలు వేశాక మనం ‘మూడు, రెండు’ అనుకుంటూ ఉండాలి. సమయం తనంతట తాను సరిచేసుకునే ఫోన్ గడియారం పెట్టి ఒక్కరే లెక్క చెప్పారు.

రావలసినవి నాలుగున్నర వాటాలు: నాలుగు ఇళ్లు పూర్తిగా, ఒక ఇల్లు సగం. పేర్లు రాయడం లేదు. బెలూన్ల మీద ఎక్కువ ప్రశ్నలు ఆ ఇళ్ల నుంచే వచ్చాయని మాత్రం చెప్పక తప్పదు. అవి వస్తే లోటు తీరి రెండు వాటాలు మిగులుతాయి, వాటిని వచ్చే ఏటి లైట్ల అద్దెకు జమ వేస్తాం.