పదో రోజు లోపల వెళ్ళవలసిన కాగితం

ప్రియమైన సూరిబాబుకు,

రాత్రి నువ్వు ఫోన్లో చెప్పింది విన్నాక నిద్ర పట్టలేదు. ఫోన్లో సగం చెప్పి సగం మరచిపోతానని ఈ ఉత్తరం రాసి, చించినాడ వంతెన మీదుగా అమలాపురం వస్తున్న మా తమ్ముడి చేతికిచ్చి పంపుతున్నాను.

లక్కీ డ్రాలో కుక్కర్ వచ్చిందని రాజమండ్రి హోటల్‌కు పిలిచి, మూడు గంటలు కూర్చోబెట్టి, ఈ ధర ఈ ఒక్క రోజుకేనని ఏటా కొన్నాళ్ళు రిసార్టుల్లో బస చేసే మూడున్నర లక్షల టైంషేర్ సభ్యత్వానికి కార్డు మీద నలభై వేలు గీయించారు కదా. రెండేళ్ళ కిందట భీమవరంలో నాకూ సరిగ్గా ఇదే జరిగింది, కుక్కర్‌తో సహా.

టైంషేర్ కొన్నవాళ్ళు ఇన్ని రోజుల్లో వెనక్కి తగ్గవచ్చని ఐరోపా దేశాల్లో చట్టమే 14 రోజులు ఇస్తుంది. మన దేశంలో అటువంటి ప్రత్యేక చట్టం లేదు. మనకున్నది ఒప్పందంలో ఆ కంపెనీ రాసిన గడువే. చాలామంది 10 రోజులిస్తారు. నీ ఒప్పందం చివరి పేజీల్లో, సన్నటి అక్షరాల్లో, 'రద్దు' గురించిన షరతు వెతుకు. గడువు సంతకం నాటి నుంచా, కాగితాలు చేతికందిన నాటి నుంచా అన్నది అక్కడే తేలుతుంది. అనుమానముంటే సంతకం చేసిన శనివారాన్నే మొదటి రోజుగా లెక్క వేసుకో; అప్పుడు వచ్చే సోమవారంతో సరి. అందుకే ఈ శుక్రవారమే పని ముగించు.

సభ్యత్వం నంబరు, సంతకం తేదీ, కట్టిన సొమ్ము రాసి, 'రద్దు చేసి డబ్బు వాపసు ఇవ్వండి' అన్న ఒక్క మాట స్పష్టంగా పెట్టి, ఒప్పందంలో ఉన్న చిరునామాకు ఈమెయిల్, స్పీడ్ పోస్టు రెండూ పంపు. ఫోన్లో చెప్పడం లెక్కలోకి రాదు. నేను మోసపోయింది అక్కడే: 'మా మేనేజరు గారు మీకు మంచి ఆఫరు చూస్తున్నారు, రెండు రోజులు ఆగండి' అంటూ మర్యాదగా పదకొండో రోజు దాకా నడిపించి, ఆ తరువాత గడువు దాటిపోయిందన్నారు. వాళ్ళిచ్చిన ఉచిత బసను మాత్రం వాడుకోకు; సేవ వాడుకున్నారు కాబట్టి రద్దు కుదరదంటారు.

మిగిలిన సొమ్ముకు ఈఎంఐ పెట్టి ఉంటే, బ్యాంకుకో ఫైనాన్స్ కంపెనీకో వేరుగా రాయాలి. సభ్యత్వం రద్దయినంత మాత్రాన అప్పు దానంతటది పోదు. ఊరికే కట్టడం ఆపేస్తే సిబిల్ స్కోరు దెబ్బతింటుంది.

వాళ్ళు మొండికేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించు. అదీ ఫలించకపోతే, 2019 వినియోగదారుల చట్టం ప్రకారం నువ్వుండే జిల్లా కమిషన్‌లోనే రెండేళ్ళ లోపు కేసు వేయవచ్చు. కట్టిన సొమ్ము ఐదు లక్షలలోపు అయితే ఫీజు కూడా లేదు. నా సంగతి అలాగే కొంత కోతతో రాజీ అయింది. నన్ను కాపాడింది ఒప్పందం కాదు, ఆ సేల్స్ కుర్రవాడు ధర కొట్టేసి కొట్టేసి రాసి, 'ఏ సీజన్‌లోనైనా గది గ్యారంటీ' అని కింద గీత గీసిన చిత్తుకాగితం. నీ దగ్గరా అటువంటిది ఉంటే పారేయకు.

శుక్రవారం పోస్టాఫీసు రసీదు ఫొటో తీసి నాకు పంపు.

నీ
రాంబాబు