నీ ఒక్క నిమిషం పరిచయం గురించి

చిన్నీ,

ఓరియంటేషన్‌లో చెప్పడానికి నువ్వు రాసుకున్న పరిచయం చదివాను. ఇంగ్లీషు బాగుంది, తప్పుల్లేవు. కానీ సగానికి పైగా మార్కులు, ర్యాంకు, అవార్డులే ఉన్నాయి. నీకు దేనిమీద పని చేయాలని ఉందో చివర్లో వచ్చింది, అదీ "వాటర్ రిసోర్సెస్ అంటే ఆసక్తి" అని ఒక్క ముక్కలో. ఏటా కొత్త పీజీ బ్యాచ్ పరిచయాలు వింటుంటాను కాబట్టి చెబుతున్నాను, ఇలా చెబితే విన్నవాళ్లకి నీ గురించి ఏదీ గుర్తుండదు.

మార్కులు తీసెయ్. ఆ గదిలో ఉన్నవాళ్లంతా సీటు తెచ్చుకున్నవాళ్లే. పైగా గ్రేడ్ల లెక్క దేశానికో రకం. జర్మనీలో 1.0 అన్నిటికన్నా మంచి గ్రేడు, 5.0 అంటే ఫెయిల్. అక్కడ చదివి వచ్చిన అమ్మాయికి పదికి నీ 9.1 ఎంత గొప్పదో ఎలా తెలుస్తుంది?

నీ నేపథ్యంలో చెప్పదగ్గది వేరే ఉంది, దాన్ని నువ్వు రాయనే లేదు. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులో నేలలోకి నీరు ఎంత వేగంగా ఇంకుతుందో కొలిచావు కదా. 30 సెంటీమీటర్ల రింగు లోపల, 60 సెంటీమీటర్ల రింగు బయట నేలలోకి దిగ్గొట్టి, రెండిట్లో నీళ్లు పోసి, లోపలి రింగులో మట్టం ఎంత తగ్గిందో స్కేలు పెట్టి రాసుకునేదానివి. బయటి రింగులో నీళ్లెందుకని నేనడిగితే, లోపలి నీరు పక్కలకి పోకుండా తిన్నగా కిందికి దిగాలంటే అవి ఉండాలని చెప్పావు. చెట్ల కింద నేల, వాహనాలు తిరిగి గట్టిపడ్డ నేల పక్కపక్కనే ఉన్నా లెక్కల్లో అంత తేడా వచ్చేసరికి నీకు ఈ సబ్జెక్టు పట్టుకుంది. నీ చదువూ ఆసక్తీ కలిసే చోటు అదే. నేపథ్యంలోంచి ఆ ఆసక్తికి దారితీసిన భాగం ఒక్కటీ తీసుకుంటే చాలు, రెండిటి మధ్య బ్యాలెన్స్ దానంతటదే వస్తుంది.

నేనైతే ఇలా మారుస్తాను. ఇంగ్లీషు మాటలు నీవే పెట్టుకో:

"నా పేరు ఇది, నన్ను ఇలా పిలవండి. సివిల్ ఇంజనీరింగ్ చదివాను. చివరి ఏడాది నేలలోకి వాన నీరు ఎంత వేగంగా ఇంకుతుందో కొలిచాను. చెట్ల కింద నేలకీ, వాహనాలు తిరిగే నేలకీ చాలా తేడా కనిపించింది. వాన పడ్డప్పుడు నగరాల్లో నీళ్లు నిలవకుండా ఆ తేడాని ఎలా వాడుకోవచ్చో ఇక్కడ చదవాలని ఉంది. మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్ తెలిసినవాళ్లు ఉంటే మాట్లాడాలని ఉంది. పొద్దున్నే పరుగెత్తడం అలవాటు, ఎవరైనా వస్తానంటే తోడు దొరికినట్టే."

ఇందులో పరికరం పేరు లేదు చూడు. గదిలో వేరే డిపార్ట్‌మెంట్ల వాళ్లూ ఉంటారు, పేరు చెబితే తల ఊపి ఊరుకుంటారు. అదే ప్రొఫెసర్ ల్యాబ్ మీటింగ్ అయితే రింగుల సంగతి, ఎన్ని చోట్ల కొలిచావన్నదీ తప్పకుండా చెప్పు. హాబీల్లో "పుస్తకాలు, సంగీతం, ప్రయాణాలు" అని రాశావు, అవి అందరూ చెప్పేవే. పరుగు గురించి చెబితే సెషన్ అయ్యాక ఎవరో ఒకరు వచ్చి ఏ టైముకి వెళ్తావని అడుగుతారు.

పేరు దగ్గర మాత్రం తొందరపడకు. వాళ్ల లిస్టులో పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉంటుంది, ఇంటిపేరుతో పిలిచే అవకాశం ఉంది. పిలవాల్సిన పేరు నిదానంగా చెప్పి, ఒక్క క్షణం ఆగి, తర్వాతి వాక్యంలోకి వెళ్లు.

నిమిషానికి ఇంగ్లీషులో నూటపది, నూట ఇరవై మాటలు సరిపోతాయి. ఫోన్‌లో రికార్డు చేసుకుని విను. అన్ని మాటలూ నలభై సెకన్లలోనే అయిపోతే టెన్షన్‌లో పరుగెడుతున్నావన్నమాట. బట్టీ మాత్రం వద్దు, ఒక మాట జారితే మిగతాదంతా పోతుంది. పేరు, కొలత, తేడా, కావలసింది, పరుగు, ఈ వరస గుర్తుంటే చాలు. మనుషులు ఎక్కువై ఒక్కో వాక్యమే చెప్పమంటే, పేరు చెప్పి "వాన నీరు నేలలోకి ఎలా ఇంకుతుందో చదువుతాను" అని కూర్చో.

నీ వంతు వచ్చేదాకా మనసులో వల్లె వేసుకోకు, ముందు మాట్లాడేవాళ్లని విను. మ్యాపింగ్ తెలిసిన మనిషి నీకంటే ముందే మాట్లాడి ఉండొచ్చు. అప్పుడు ఆ వాక్యం మార్చి, తన పేరు పట్టి చెప్పు, సెషన్ అయ్యాక మాట కలపడం సులువవుతుంది.

ఆదివారంలోగా రికార్డు చేసి పంపు. విని ఫోన్ చేస్తాను.

అమ్మ