మీ సారీ మెసేజ్ అందింది, కానీ నా ఆర్డర్ సంగతి ఏంటి?

కస్టమర్ సపోర్ట్ వాళ్ళకి,

నిన్న సాయంత్రం 4 గంటలకి మీ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది, "కొన్ని సాంకేతిక కారణాల వల్ల ఒకే మెసేజ్ పలుమార్లు వచ్చి ఉండవచ్చు, అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని, దాని కిందే ఒక షార్ట్ లింకు, ఆఫర్లు చూడమని. నా కంప్లైంట్ ఆ సారీ మెసేజ్ మీదే. ఆర్డర్ కన్ఫర్మ్ అయిందనే మెసేజ్ పద్నాలుగుసార్లు రావడం పెద్ద నేరమేం కాదు, ఎవరికైనా జరుగుతుంది.

మొన్న రాత్రి అమ్మ కోసం బీపీ మెషీన్ ఒకటి ఆర్డర్ పెట్టా. 10:40కి "మీ ఆర్డర్ కన్ఫర్మ్ అయింది" అని వచ్చింది, సరే అనుకున్నా. 10:45కి మళ్ళీ అదే, 10:50కి మళ్ళీ అదే. 11:25 అయ్యేసరికి పది వచ్చాయి. నాకు భయం వేసింది, పది మెషీన్లు బుక్ అయ్యాయేమో, కార్డులో పదిసార్లు డబ్బులు పోతాయేమో అని. యాప్ తెరిస్తే ఒక్క ఆర్డరే కనిపించింది, మిగతావి ఇంకా లోడ్ అవ్వలేదేమో అనుకుని 11:27కి ఆ ఒక్కటీ క్యాన్సిల్ కొట్టేశా. ఆ తర్వాత కూడా 11:30, 11:35, 11:40, 11:45కి "కన్ఫర్మ్ అయింది" అనే వచ్చింది, అంటే క్యాన్సిల్ అయినట్టా కానట్టా? ఆ రాత్రి నిద్ర లేదు.

పొద్దున్నే తీరిగ్గా చూస్తే అర్థమైంది (నేను కూడా ఇలాంటి సిస్టమ్స్ మీదే పని చేస్తా, రాత్రి కంగారులో బుర్ర పనిచేయలేదు అంతే). పద్నాలుగు మెసేజుల్లోనూ ఆర్డర్ నంబర్ ఒక్కటే. నిజంగా పద్నాలుగు ఆర్డర్లు పడి ఉంటే నంబర్లు వేరువేరుగా ఉండాలి కదా. పైగా కరెక్ట్‌గా 5 నిమిషాలకి ఒకటి, ఇది మనుషులు చేసే పని కాదు, రీట్రై టైమర్ చేసే పని. మీ సిస్టమ్ ఎస్సెమ్మెస్ గేట్‌వేకి మెసేజ్ ఇచ్చి ఉంటుంది, వాళ్ళు పంపేశారు కానీ "పంపాం" అన్న జవాబు టైముకి మీకు చేరి ఉండదు, మీ సిస్టమేమో పోలేదనుకుని మళ్ళీ ఇచ్చింది. ఒక్క మెసేజ్ కూడా మిస్ అవ్వకూడదని రీట్రై పెడతారు, అది తప్పు కాదు. కానీ ఈ ఆర్డర్‌కి ఈ కన్ఫర్మేషన్ ఆల్రెడీ ఇచ్చామా అని ఆర్డర్ నంబర్‌తో ఒకసారి చెక్ చేసుకోవాలి, గేట్‌వే ఒప్పుకుంటే రీట్రైలన్నిటికీ ఒకే రిఫరెన్స్ ఐడీ ఇవ్వాలి, అప్పుడు రెండోది వాళ్ళే ఆపేస్తారు. ఎన్నిసార్లు ట్రై చేసి ఆపాలో లిమిట్ కూడా ఉండాలి. ఇంకోటి, పంపే ముందు ఆర్డర్ ఇప్పుడు ఏ స్టేటస్‌లో ఉందో చూస్తే, క్యాన్సిల్ చేసినోడికి కన్ఫర్మ్ అయిందని నాలుగుసార్లు చెప్పేవాళ్ళు కాదు.

నా గెస్ తప్పు కావచ్చు, లాగ్స్ మీ దగ్గరున్నాయి, నా దగ్గర లేవు. కానీ ఇంత రాద్ధాంతం నేనెందుకు చేసుకోవాలి? మీ సారీలో మూడు లైన్లు ఉంటే సరిపోయేది. ఇలా:

"ఈ రాత్రి మీకు ఒకే ఆర్డర్ మెసేజ్ చాలాసార్లు వచ్చింది. మెసేజ్ మాత్రమే రిపీట్ అయింది, మీ ఆర్డర్ ఒక్కటే, పేమెంట్ ఒక్కసారే కట్ అయింది. కంగారులో క్యాన్సిల్ చేసి ఉంటే యాప్‌లో మళ్ళీ ఓకే చేసుకోండి, మీ ఐటమ్ రేపటి దాకా పక్కన పెట్టి ఉంచుతాం."

ఇదేదో రాత్రి 12 లోపే పంపి ఉంటే నాలాంటి వాళ్ళు పొద్దున్న బ్యాంకుకి ఫోన్ చేసేవాళ్ళు కాదు. నేను చేశా, ఇరవై నిమిషాలు హోల్డ్‌లో పెట్టి, ఒక్కసారే కట్ అయిందని చెప్పారు. ముందు పేమెంట్ రికార్డులు చెక్ చేసుకుని ఆ తర్వాతే ఆ లైను రాయాలనుకోండి, కానీ దానికి సాయంత్రం 4 దాకా ఆగాలా?

ఇక ఆ లింకు. ఆర్డర్ మెసేజులు ఒక సెండర్ పేరుతో వచ్చాయి, సారీ ఇంకో పేరుతో వచ్చింది. అచ్చం ఫ్రాడ్ మెసేజ్ లాగే ఉంది, నేను నొక్కలేదు. ఇలాంటి గందరగోళంలోనే దొంగలు కూడా "రీఫండ్ కోసం ఇక్కడ నొక్కండి" అని పంపుతారు. సారీలో లింకే ఉండకూడదు, యాప్ తెరిచి చూసుకోమంటే చాలు.

ఇప్పుడు యాప్‌లో ఆ మెషీన్ అవుట్ ఆఫ్ స్టాక్ అంటోంది. నా ఆర్డర్‌ని వెనక్కి తెచ్చి ఇవ్వగలరా లేదా, లేకపోతే రీఫండ్ ఏ తేదీకి పడుతుంది, ఈ రెండూ చెప్పండి. ఆ రాత్రి క్యాన్సిల్ చేసినవాళ్ళ లిస్టు తీసి వాళ్ళకి కూడా విడిగా చెప్పండి, నేనొక్కణ్ణే అయి ఉండను. ఆర్డర్ నంబర్, పద్నాలుగు మెసేజుల స్క్రీన్‌షాట్లు అటాచ్ చేశా. జవాబు ఈ మెయిల్‌కే ఇవ్వండి, ఒక్కసారి ఇస్తే చాలు.

ఇట్లు,
మీ కస్టమర్