వడ్డీ రేటు మారితే కంతు పెంచాలా, గడువు పెంచాలా? అడగాల్సింది అప్పు తీసుకున్నవాళ్లనే

సంపాదకులకు,

అయ్యా,

రిజర్వ్ బ్యాంకు తాను బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ రేటైన రెపో రేటును 2025 ఫిబ్రవరి నుంచి డిసెంబరు లోపల 6.50 నుంచి 5.25 శాతానికి తగ్గించింది. అప్పటి నుంచి కడపలో తెలిసినవాళ్లు చాలామంది నన్ను అడిగే ప్రశ్న ఒకటే: "రేటు తగ్గిందంటున్నారు, మా ఇంటి లోను కంతు అంతే ఉందేం సార్?" బ్యాంకులో పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి నేను వాళ్లను తిరిగి ఇంకో ప్రశ్న అడుగుతాను. 2022లో రేట్లు పెరిగినప్పుడు మీ కంతు పెరిగిందా? చాలామంది లేదనే అంటారు. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

ఫ్లోటింగ్ రేటు లోనంటే మధ్యమధ్యలో వడ్డీ రేటు మారే లోను. అందులో రేటు పెరిగితే ఆ భారం ఎటో ఒక వైపు పడాలి. కంతు పెరగాలి, లేదా గడువు పెరగాలి. కంతు పెంచితే గొడవ వస్తుందని బ్యాంకులు సాధారణంగా గడువు పెంచేస్తాయి. జీతంలో కోత అంతే ఉంటుంది కాబట్టి లోను తీసుకున్నవాళ్లు ఏమీ మారలేదనుకుంటారు.

ఒక లెక్క చూడండి. 2022 మొదట్లో ఒక టీచరు 20 లక్షలు, 20 ఏళ్లకు, 7 శాతం వడ్డీకి తీసుకున్నారనుకుందాం. కంతు రూ.15,506. ఏడాది తర్వాత అసలు సుమారు 19.52 లక్షలు మిగులుతుంది. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి దాకా రెపో 4 నుంచి 6.50కి పెరిగింది. లెక్క తేలిగ్గా ఉండేందుకు ఆ రెండున్నర శాతం ఒక్కసారే పడిందనుకుంటే, 9.5 శాతం చొప్పున నెల వడ్డీయే రూ.15,457 అవుతుంది. పాత కంతే కడితే అసలులో తగ్గేది నెలకు యాభై రూపాయలు కూడా కాదు. ఆ లెక్కన అప్పు తీరడానికి అరవై ఏళ్లు పడుతుంది.

అందుకని బ్యాంకు కంతును రూ.16,417 చేసి, గడువును అక్కడి నుంచి 30 ఏళ్లకు సాగదీస్తుందనుకోండి. మొత్తం కట్టేది 59 లక్షలు. అదే మిగిలిన 19 ఏళ్ల గడువు మార్చకుండా కంతును రూ.18,526 చేసి ఉంటే కట్టేది 42 లక్షలు. నెలకు మరో రెండు వేలు భరించగలిగినవాళ్లు చాలామంది ఉంటారు. కానీ ఆ మాట వాళ్లను అడిగినవాళ్లు ఎందరు?

అడగాలనే నియమం ఉంది. రిజర్వ్ బ్యాంకు 2023 ఆగస్టు 18న ఇచ్చిన ఆదేశం ప్రకారం రేటు మారినప్పుడు కంతు పెంచుకోవాలా, గడువు పెంచుకోవాలా, రెండూ కొంత కొంత చేసుకోవాలా అన్నది ఖాతాదారుకే వదలాలి. మూడు నెలలకోసారి ఇచ్చే స్టేట్‌మెంటులో ఇప్పటిదాకా అసలుకు ఎంత, వడ్డీకి ఎంత జమైంది, ఇంకా ఎన్ని కంతులు మిగిలాయి అన్నవి ఉండాలి. ఆ మిగిలిన కంతుల సంఖ్యే అందరూ ముందు చూడాల్సినది. మొదట్లో ఒప్పుకున్నదానికంటే ఎక్కువుంటే గడువు సాగినట్టే.

ఇక ఇప్పుడు రేటు తగ్గింది కదా. ఆ టీచరు రెండేళ్లు కట్టాక రేటు 8.25కు దిగిందనుకుంటే, కంతు తగ్గించమంటే అది రూ.14,721 అవుతుంది, గడువు మాత్రం 28 ఏళ్లే ఉంటుంది. రూ.16,417 కంతే కొనసాగించమంటే 20 ఏళ్లలో తీరిపోతుంది, దాదాపు పది లక్షలు మిగులుతాయి. ఇంటి ఖర్చులు ఇబ్బంది పెట్టనివాళ్లు రెండోదే కోరుకోవాలని నా గట్టి అభిప్రాయం.

ఒక మాట జాగ్రత్త. 2019 అక్టోబరుకు ముందు తీసుకున్న లోన్లు, మార్పించుకోకపోతే, బ్యాంకు తన ఖర్చును బట్టి తానే రేటు నిర్ణయించే ఎంసీఎల్‌ఆర్, బేస్ రేటు వంటి పాత పద్ధతుల్లోనే ఉండిపోయి ఉండవచ్చు. రెపో తగ్గినా వాటిలో తగ్గుదల ఆలస్యంగా, అరకొరగా వస్తుంది. రెపోకు ముడిపడిన పద్ధతికి మార్చమని బ్రాంచిలో దరఖాస్తు ఇవ్వాలి, దానికి ఫీజు ఎంతో ముందే కనుక్కోవాలి. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకు రెపోతో ముడిపెట్టాలన్న నిబంధనే లేదు.

ఫిక్స్‌డ్ రేటుకు వెళ్తే ఈ టెన్షన్ ఉండదని కొందరు అంటారు. కానీ చాలా ఒప్పందాల్లో ఆ ఫిక్స్‌డ్ రెండు మూడేళ్లకే, ఆపైన మళ్లీ ఫ్లోటింగే. పైగా ఫ్లోటింగ్ ఇంటి లోనును ముందే తీర్చేస్తే వ్యక్తుల దగ్గర జరిమానా తీసుకోకూడదు. బ్యాంకుల ఫిక్స్‌డ్ లోనుకు ఆ రక్షణ లేదు. సంతకం పెట్టే ముందు ఈ రెండు షరతులూ చదవాలి.

కలెక్టరు అధ్యక్షతన జరిగే జిల్లా బ్యాంకర్ల సమావేశంలో లీడ్ బ్యాంకు అధికారులు ఈ విషయం చర్చకు పెట్టాలని కోరుతున్నాను. రేటు మారిన ప్రతిసారీ పాత కంతు, కొత్త కంతు, మిగిలిన నెలలు తెలుగులో ఒక్క పేజీలో రాసి, ఏది కావాలో టిక్కు పెట్టి సంతకం చేసే కాగితాన్ని ప్రతి బ్రాంచీ ఇవ్వాలి. ఇవ్వకపోతే ఖాతాదారులు ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా cms.rbi.org.in లో రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు ఇవ్వవచ్చు.

– ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, కడప