నీ లెమన్ పైలో రెండు చోట్ల నీళ్ళు

బుజ్జీ,

నువ్వు పంపిన రెండు ఫోటోలూ కళ్ళద్దాలు పెట్టుకుని మరీ చూశాను. మొదటి దాంట్లో పై మీద తెల్లసొన నురగ, అదే మన మెరాంగ్, మబ్బులా బాగానే లేచింది, కానీ దాని మీద తేనెచుక్కల్లాంటి బొట్లు ఉన్నాయి. రెండో దాంట్లో ముక్క కోయగానే మెరాంగ్ ఒక పక్కకి జారిపోయింది, ప్లేట్‌లో నీళ్ళు నిలిచాయి. "గుడ్డు సరిగ్గా గిలకొట్టలేదేమో నాన్నా" అన్నావు. కాదమ్మా. గిలకొట్టడం బాగానే చేశావు. ఫోన్‌లో చెబితే సగంలో కట్ అవుతుందని రాస్తున్నాను.

ముందు ఒకటి గుర్తుపెట్టుకో. పైన కనిపించే బొట్లూ, అడుగున చేరిన నీళ్ళూ ఒకే జబ్బు కాదు. పైన మెరాంగ్ మరీ ఎక్కువ ఉడికింది, అడుగున అసలు ఉడకలేదు. ఒకే పైలో రెండూ ఎలా వచ్చాయంటావా? లెమన్ ఫిల్లింగ్ ముందురోజు చేసి ఫ్రిజ్‌లో పెట్టానన్నావు కదా, అక్కడే వచ్చింది తంటా.

నేనూ ఇదే పని చేశాను. వైజాగ్‌లో పేస్ట్రీ సెక్షన్‌లో చేరిన రెండో ఏడు ఒక పార్టీకి 12 లెమన్ పైలు చెయ్యమన్నారు. పని తేలికవుతుందని ఫిల్లింగ్ పొద్దున్నే పోసి, చల్లారాక సాయంత్రం మెరాంగ్ పెట్టి ఓవెన్‌లోకి తోశాను. రంగు చక్కగా వచ్చింది. తీరా సర్వ్ చేసే వేళకి ఒక్కో పై అడుగున రెండేసి చెంచాల నీళ్ళు. మా పెద్ద షెఫ్ ఒక స్పూన్ తీసుకుని మెరాంగ్‌ని అంచు దగ్గర ఎత్తి చూపించాడు. పైన గోధుమ రంగు, నడుమ మెత్తటి తెలుపు, అడుగున మాత్రం పచ్చి నురగ, సబ్బు నురగలా. ఆ రాత్రి ఆ 12 పైల మీంచి మెరాంగ్ గీకేసి, క్రీమ్ పెట్టి పంపాం.

మెరాంగ్ అంటే సగానికి పైగా గాలే. గాలిలోంచి వేడి తొందరగా దిగదు. ఓవెన్ వేడి పైపొరని కాలుస్తుంది గానీ అడుగుదాకా చేరదు. కింద ఫిల్లింగ్ చల్లగా ఉంటే ఇంక అడుగుపొరని ఉడికించేదెవరు? తెల్లసొనలో పదింట తొమ్మిది వంతులు నీళ్ళే. ఆ నీటిని బుడగల గోడల్లో పట్టి ఉంచేది మిగిలిన కాస్త ప్రొటీన్. అది ఉడికి గట్టిపడితేనే పట్టు నిలుస్తుంది. పచ్చిగా ఉంటే గంటలో నీరు కిందికి దిగిపోతుంది. మరి నువ్వు మెరాంగ్ ఇంకా మెత్తగా ఉందని మరో పది నిమిషాలు ఉంచావు. అడుగు ఉడకలేదు సరికదా, పైపొర బిగుసుకుపోయి తనలోని నీటిని పిండేసింది. ఆ నీరు చక్కెరతో కలిసి వచ్చింది కాబట్టే బొట్లు తేనెలా ఉన్నాయి.

కాబట్టి ఫిల్లింగ్ పొగలు కక్కుతూ ఉండగానే మెరాంగ్ పెట్టాలి. అప్పుడు అడుగుపొర కింది వేడికే ఉడుకుతుంది, ఓవెన్ పైపొర సంగతి చూసుకుంటుంది. మెరాంగ్‌ని ముందు అంచుల దగ్గర పిండికి అంటుకునేలా చుట్టూ పెట్టి, తర్వాత మధ్యలో నింపు. అంచు అతుక్కోకపోతే చల్లారేటప్పుడు కుంచించుకుపోయి, నీ ఫోటోలోలాగే జారుతుంది.

ఇక చక్కెర, నిమ్మరసం సంగతి. పాలల్లో నిమ్మరసం పిండితే విరుగుతాయి కదా, గుడ్డులో ఎందుకు వేస్తారని అడిగావు. మంచి ప్రశ్నే. గిలకొడుతుంటే తెల్లసొనలో ముడుచుకుని ఉన్న ప్రొటీన్లు విచ్చుకుని ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఆ పట్టుతోనే నురగ నిలబడుతుంది. పట్టు మరీ ఎక్కువైతే అదే నురగ పలుకులు పలుకులుగా మారి నీరు వదిలేస్తుంది. ఆ బిగింపుల్లో అన్నిటికంటే గట్టివి గంధకం వల్ల పడే ముళ్ళు. తెల్లసొన సహజంగా క్షార గుణం ఉన్నది, గుడ్డు పాతబడేకొద్దీ ఆ గుణం పెరుగుతుంది. క్షారంలో ఆ ముళ్ళు సులువుగా పడతాయి. కాస్త పులుపు తగిలితే అంత తేలిగ్గా పడవు. అందుకని నిమ్మరసం మొదట్లోనే, నురగ ఇంకా పల్చగా ఉన్నప్పుడే వెయ్యాలి. ఒక్కో తెల్లసొనకి అర టీస్పూన్ చాలు. మీ దగ్గర దొరికే క్రీమ్ ఆఫ్ టార్టార్ అయితే టీస్పూన్‌లో ఎనిమిదో వంతు. ముళ్ళు పడ్డాక ఎంత పులుపు పోసినా విప్పలేదు.

చక్కెర చేసేది వేరే పని. అది నీటిలో కరిగి బుడగల గోడల్లో పాకంలా చిక్కబడుతుంది. నీళ్ళు జారినంత తొందరగా పాకం జారదు కదా. అయితే చక్కెర మొదట్లోనే పోస్తే ప్రొటీన్లు విచ్చుకోవడానికి చాలాసేపు పడుతుంది, చేత్తో గిలకొట్టేవాడికైతే భుజం పడిపోతుంది. మరీ ఆలస్యంగా వేస్తే కరగదు. కరగని ప్రతి పలుకూ చుట్టూ ఉన్న నీటిని లాక్కుని ఒక బొట్టవుతుంది. విస్క్ పైకెత్తినప్పుడు కొన చిలకముక్కులా వంగే దశలో మొదలుపెట్టి, ఒక్కో స్పూన్ చొప్పున వేస్తూ ఉండు. చివర్లో కాస్త నురగ రెండు వేళ్ళ మధ్య రుద్ది చూడు. గరగరలాడితే ఇంకా గిలకొట్టాలి. చక్కెరని ముందే మిక్సీలో ఒక్కసారి తిప్పితే ఆ బాధ సగం తగ్గుతుంది.

ఈసారి ఇలా చెయ్యి. నాలుగు తెల్లసొనలు, 100 గ్రాముల చక్కెర, రెండు టీస్పూన్ల నిమ్మరసం. గిన్నె స్టీల్‌దో గాజుదో తీసుకో, ప్లాస్టిక్ గిన్నె ఎంత తోమినా జిడ్డు వదలదు. పచ్చసొన బొట్టు కూడా పడకూడదు. అన్నిటికంటే ముందు ఒక టేబుల్ స్పూన్ కార్న్‌ఫ్లోర్‌ని (మీ ఊళ్ళో డబ్బా మీద కార్న్‌స్టార్చ్ అని ఉంటుంది, కార్న్‌ఫ్లోర్ అని అడిగితే మొక్కజొన్న పిండి ఇచ్చేస్తారు) 80 మి.లీ. నీళ్ళలో కలిపి, గంజిలా చిక్కబడేదాకా ఉడికించి పక్కన పెట్టు. ఆ తర్వాత ఫిల్లింగ్ చేసి, సన్నటి మంట మీద మూత పెట్టి ఉంచు. మెరాంగ్ గిలకొట్టి, చక్కెరంతా కరిగాక, ఆ గంజిని ఒక్కో స్పూన్ చొప్పున కలుపు. ఈ గంజి ప్రొటీన్లని మరీ బిగుసుకోనివ్వదు. వెంటనే ఫిల్లింగ్ పోసి, మెరాంగ్ పెట్టి, 325 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఇరవై నిమిషాలు ఉంచి, రంగు చూసుకుని తియ్యి.

ఒకమాట, పసుపు రంగు నీరు వస్తే తప్పు మెరాంగ్‌ది కాదు. పచ్చసొనలో పిండిని విరగ్గొట్టే ఎంజైమ్ ఒకటుంటుంది. పచ్చసొనలు కలిపాక ఫిల్లింగ్ ఒక నిమిషమైనా బుడగలొచ్చేలా ఉడక్కపోతే, రాత్రికి రాత్రే పల్చబడుతుంది.

ఇంత చేసినా ఈ మెరాంగ్ ఆ పూటకే. ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికి చెమ్మ పట్టి నీరు వదులుతుంది. నీ లెమన్ పైని ఫ్రెండ్ ఇంటికి శనివారం కారులో తీసుకెళ్ళాలంటే వేరే దారి ఉంది. గిలకొట్టిన తెల్లసొనలోకి వేడి పాకాన్ని సన్నటి ధారగా పోస్తూ గిలకొట్టడం. దానికి పాకం నీళ్ళలో వేస్తే మెత్తటి ఉండ కట్టాలి, అంటే 115 నుంచి 118 డిగ్రీల సెల్సియస్. అరిసెలకి అమ్మ పట్టే పాకం దగ్గరదగ్గర అదే. నీ దగ్గర థర్మామీటర్ లేదు కాబట్టి, గిన్నెలో నీళ్ళు పెట్టుకుని అమ్మకి వీడియో కాల్ చెయ్యి. ఇక్కడ పొద్దున్న ఏడు దాటాక చెయ్యి, అంతకుముందు లేపితే పాకం బదులు చివాట్లే.

నాన్న