విల్లు రిజిస్టరైతే చాలదు, సాక్షి నిలబడాలి

సంపాదకుల వారికి,

నాన్నగారు రాసిన విల్లు చూపిస్తే, ముందు కోర్టు నుంచి ప్రొబేట్, అంటే ఆ విల్లు నిజమైనదేనన్న ధ్రువీకరణ, తెమ్మన్నారని కోనసీమలో చాలామంది టెన్షన్ పడుతున్నారు. హిందువుల విల్లుకు ప్రొబేట్ తప్పనిసరి అన్న రూలు మన గోదావరి జిల్లాలకు లేదు. 1925 నాటి భారత వారసత్వ చట్టం 213వ సెక్షన్ ఆ షరతును పాత బెంగాల్ ప్రాంతానికి, మద్రాసు, బొంబాయి నగరాలకు పెట్టింది. చెన్నైలో ఇల్లున్న మన ఊరివాళ్లకు అది తగిలేది. 2025లో పార్లమెంటు ఆ సెక్షన్‌నే తీసేసింది. కావాలనుకున్నవారు ఇప్పటికీ ప్రొబేట్ తెచ్చుకోవచ్చు. తెమ్మని బలవంతపెట్టడం మాత్రం అన్యాయం.

అసలు కష్టం గొడవ వచ్చినప్పుడు మొదలవుతుంది. ఒక తల్లి తన స్వార్జితమైన ఎకరంన్నర కొబ్బరితోట మొత్తం కొడుకు పేర విల్లు రాసి రిజిస్టర్ చేయించి చనిపోయిందనుకోండి. కూతురు సగం వాటా కోసం పార్టిషన్ సూట్ వేస్తుంది. కొడుకు విల్లు చూపిస్తాడు. రిజిస్టర్ అయింది కదా, ఇక తిరుగులేదని ధీమాగా ఉంటాడు. కానీ విల్లు నిజమని రుజువు చేసే భారం అతనిదే. తల్లి సంతకం చేస్తుండగా చూసిన, లేదా ఆ సంతకం తనదేనని ఆమె స్వయంగా చెప్పగా విన్న ఇద్దరు సాక్షులు అందులో సంతకం పెట్టి ఉండాలి. వాళ్లలో కనీసం ఒకరు బోనెక్కి ఆ మాట చెప్పాలి. రిజిస్ట్రేషన్ ముద్ర దీనికి బదులు కాదు. డాక్యుమెంట్ రైటర్ రాసినంత మాత్రాన సాక్షి అయిపోడు.

ఒక సాక్షి పోయాడు, రెండోవాడు కువైట్‌లో ఉన్నాడు. మన వైపు ఇది మామూలే. దూరంగా ఉన్నాడని వదిలేస్తే కుదరదు. సమన్లు పంపించాలి, వీడియోలో సాక్ష్యం తీసుకోమని కోర్టును అడగాలి. ఇద్దరూ నిజంగానే దొరకనప్పుడు మాత్రమే ఒక సాక్షి చేతిరాతను, రాసినామె సంతకాన్ని తెలిసినవారితో రుజువు చేయించే దారి ఉంది.

ఆ తర్వాత కోర్టు అనుమానాలు చూస్తుంది. సంతకం వణికిందా, కొడుకే దగ్గరుండి రాయించాడా, కూతురికి ఎందుకు ఇవ్వలేదో ఒక్క మాటైనా ఉందా? వీటికి లాభం పొందేవాడే సంతృప్తికరంగా జవాబు చెప్పాలని సుప్రీంకోర్టు 1959లోనే తేల్చింది. కూతురికి ఇవ్వకపోవడం ఒక్కటే విల్లును కొట్టేయదు. కట్నంగా ఫలానా పొలం ఇచ్చామనో, ఇల్లు కట్టించామనో విల్లులో ఒక వాక్యం ఉంటే ఆ అనుమానం చాలావరకు తీరుతుంది.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల్లో విల్లు రాయించేవారికి తెలుగులో ఒక బోర్డు పెట్టించాలని అధికారులను కోరుతున్నాను. సాక్షులుగా మీకంటే వయసులో చిన్నవాళ్లను, ఊళ్లోనే ఉండేవాళ్లను తెచ్చుకోండని, ఇవ్వనివారికి ఎందుకివ్వలేదో రాయించండని దాని మీద రాస్తే చాలు.

— ఒక రిటైర్డ్ వకీలు గుమస్తా, రాజోలు