పందెం కట్టి చూడు చిన్నా

చిన్నా,

నిన్న రాత్రి ఫోన్లో నువ్వన్న మాట మనసులోంచి పోవడం లేదు. "పెళ్లిచూపులైన దగ్గర్నుంచీ రోజూ మెసేజ్‌లు పెట్టుకుంటున్నామమ్మా. 'తిన్నారా' అంటే 'తిన్నాను, మీరో' అంటుంది, అక్కడితో ఆగిపోతుంది. మళ్లీ కలుద్దామని ఏ వంకతో అడగను?" అన్నావు. ఆ అమ్మాయి నీకు ఎంత నచ్చిందో నీ గొంతులోనే తెలిసింది. అందుకే పని పక్కన పెట్టి రాస్తున్నాను.

మీ నాన్న నాతో పందెం కట్టారు. నిశ్చితార్థం అయ్యాక నేను తెనాలిలో, ఆయన బెజవాడలో. ఇన్లాండ్ ఉత్తరం చివర ఒక్క ముక్క రాశారు: "ప్రకాశం బ్యారేజీకి ఎన్ని గేట్లు? నేను 60 అంటాను. ఓడినవాళ్లు చెరుకు రసం ఇప్పించాలి." నేను 80 అని జవాబు రాశాను. లెక్క తేలాలంటే ఇద్దరం అక్కడికి వెళ్లాల్సిందే కదా! మీ మామయ్యను తోడు తీసుకుని వెళ్లాను. బెజవాడ వైపు నుంచి సీతానగరం దాకా నడుస్తూ లెక్కపెట్టాం. సగం దూరం వెళ్లేసరికి నా లెక్క 34, ఆయనది 36. మళ్లీ మొదటికొచ్చి మొదలుపెట్టాం. చివరికి 70 తేలింది. ఇద్దరం సరిగ్గా పదేసి తప్పాం. ఆయన రసానికి నేను డబ్బులిచ్చాను, నా రసానికి ఆయన ఇచ్చారు.

ఎవరు గెలిచినా ఆ చెరుకు బండి దగ్గర ఇద్దరం నిలబడాల్సిందే. పందెంలో పెట్టే వస్తువు అలాంటిదే ఉండాలి. డబ్బు వద్దు, బహుమతి వద్దు. "నేను గెలిస్తే మీరు నాతో రావాలి" అని మాత్రం ఎప్పుడూ అనకు. అప్పుడు రావడం ఆ అమ్మాయి ఇష్టం కాకుండా అప్పు తీర్చినట్టు అవుతుంది.

గేట్ల లెక్క ఇప్పుడు ఫోన్ నిమిషంలో చెప్పేస్తుంది, పందెం ఆ మెసేజ్‌లోనే చచ్చిపోతుంది. ఫోన్ తేల్చలేనిది, ఇద్దరు మనుషులు ఉంటేనే తేలేది చూసుకోవాలి. నువ్వు ఏడో తరగతిలో ఉండగా గోల్కొండ వెళ్లాం, గుర్తుందా? కోట ద్వారంలో గుమ్మటం కింద గైడు చప్పట్లు కొట్టి, ఇది కొండ మీద బాలాహిస్సార్ దాకా వినిపిస్తుందన్నాడు. అదే పట్టుకో. తనకు ఇలా రాయి:

"గోల్కొండ చప్పట్లు ఆదివారం జనం గోలలో పైకి వినపడవని నా పందెం. మీరేమంటారు? ఓడినవాళ్లు ఇరానీ చాయ్ ఇప్పించాలి."

ఒకరు కింద, ఒకరు పైన. కింద ఉన్నవాళ్లు ఎన్నిసార్లు కొట్టబోతున్నారో ముందే కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకోవాలి. పైన ఉన్నవాళ్లు తమకు వినపడిన లెక్క మెసేజ్ చేయాలి. తర్వాత కాగితం తీసి చూసుకోవాలి. పైకెక్కే పని నువ్వు తీసుకో, మెట్లు చాలా ఉన్నాయి. ఎండ ముదరకముందే వెళ్లండి, నీళ్ల సీసా మరిచిపోకు.

తనకు ఇష్టమో కాదో జవాబులోనే తెలుస్తుంది. ఇష్టమైతే బేరమాడుతుంది. "చాయ్ ఒక్కటే కుదరదు, ఉస్మానియా బిస్కెట్లు కూడా" అంటుంది, లేదా "మీరు కింద, నేను పైన" అని షరతు మారుస్తుంది. నేనూ మొదట గ్లాసు చిన్నదా పెద్దదా అని అడిగాను. ఒక నవ్వు బొమ్మ పెట్టి వేరే మాటలోకి వెళ్లిపోతే మాత్రం ఆ పందెం ఊసు మళ్లీ ఎత్తకు. గుర్తుచేస్తే అది వేధింపే నాన్నా.

సరేనంటే ఆ వారంలోనే రోజు అనుకోండి. పది రోజులు దాటితే ఎవరు ఏమన్నారో ఇద్దరూ మరిచిపోతారు. అది తేలకుండా ఇంకో పందెం కట్టకు. ఓడితే వాదించకుండా అక్కడే చాయ్ ఇప్పించు. ముందే జవాబు తెలిసిన పందెం మాత్రం కట్టకు. తర్వాత ఎప్పుడైనా బయటపడితే ఆ రోజు జరిగిందంతా తనకు నటనలా కనిపిస్తుంది. కలవాలని ఉందన్న మాట కూడా దాచకు, పందెం కింద ఇంకో వాక్యం రాయి: "నిజానికి మిమ్మల్ని మళ్లీ చూడాలని ఉంది" అని.

ఈ ఉత్తరం మీ నాన్నకు చదివి వినిపించాను. చప్పట్లు వినపడతాయని ఆయన, వినపడవని నేను. ఓడినవాళ్లు బందరు లడ్డు తేవాలి. ఆదివారం కాగితం మీద ఎంత ఉందో, పైన ఎన్ని వినపడ్డాయో ఫోన్ చేసి చెప్పు.

మీ అమ్మ